గడ్డం కింద నారింజ

భోజనానికి దొరికే అరగంటలో రంగులక్క ఒక ఆడమనిషి ముఖాన్ని మొదట కాల్చిన ఇటుకలా చేసింది, తర్వాత బూడిదలా చేసింది, ఆఖరికి కామెర్లు పట్టిన మనిషిలా చేసి వదిలేసింది. అన్నం డబ్బా మూత ఇంకా తియ్యనే లేదు. ఫోను మాత్రం వేడెక్కి అరచేతిలో చురుక్కుమంటోంది.

రంగులక్క అన్నది పార్లర్ పెట్టిన పేరు. కత్తిరింపు అక్కడ అందరికీ వచ్చు. జుట్టుకు రంగు వెయ్యాలంటే మాత్రం మిగతావాళ్లంతా దువ్వెనలు కింద పెట్టి ఆమె వైపు చూస్తారు. నలభై దాటిన మనిషి, పొట్టి. చేతులకు తొడుగులు వేసుకున్నా గోళ్ల అంచున ఎప్పుడూ ఏదో ఒక రంగు మిగిలే ఉంటుంది. తన తలకు మాత్రం ఏ రంగూ వేసుకోదు. ఎవరైనా అడిగితే, రోజంతా చూసిందే అద్దంలో కూడా చూడాలా అంటుంది.

ఫోనులో ఉన్న ముఖం ఒక బస్సు కండక్టరుది. ఆవిడ చాలా ఏళ్లుగా రంగులక్క దగ్గరికే వస్తోంది. ఒళ్లు నిగనిగలాడే నలుపు, గొంతు బస్సు ఆ చివరి సీటుదాకా వినపడుతుంది. ఈసారి ఆవిడ జుట్టుకు ముదురు రాగి రంగు వేశారు. నల్లజుట్టు మీద రాగి నిలవాలంటే ముందు జుట్టులో ఉన్న నలుపును కొంచెం వదిలించాలి, ఎక్కువ వదిలిస్తే గడ్డిలా అవుతుంది, తక్కువ వదిలిస్తే రంగే కనపడదు. ఆ మధ్య గీత మీద ఒక మధ్యాహ్నమంతా నిలబడి పని పూర్తిచేసింది రంగులక్క. జుట్టు ఆరాక కండక్టరు తల తిప్పితే రాగి తీగల కట్ట విప్పినట్టుంది. పార్లర్‌లో ఉన్నవాళ్లందరూ పని ఆపి చూశారు.

యజమానురాలు కూడా చూసింది. ఆవిడ ఊరికి అవతలి వైపు రెండో పార్లర్ తెరుస్తోంది. దాని ముందున్న గాజు అద్దానికి నిలువెత్తు ఫోటో ఒకటి అంటించాలి. ఆ ఫోటోలో ఎవరి చేతిపని ఉంటుందో, అక్కడి రంగుల విభాగం వాళ్లకే అప్పగిస్తానని అందరి ముందూ చెప్పింది. పోటీకి బయట నుంచి ఒకతను వచ్చాడు. అతని పని ఎలాంటిదో ఇక్కడ ఎవరికీ తెలియదు. ఫోటోలు మాత్రం తళతళలాడుతుంటాయి. కౌంటరులో కూర్చునే అమ్మాయి వాటిని అందరికీ తిప్పి తిప్పి చూపించింది.

ఆ రెండో పార్లర్ రంగులక్క ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఇప్పుడైతే రెండు బస్సులు మారి రావాలి, రోజంతా నిలబడాలి, మళ్లీ రెండు బస్సులు మారి పోవాలి. సాయంత్రానికి చీలమండలు ఎంత వాచిపోతాయంటే చెప్పుల పట్టీ గుర్తు పొద్దున్నదాకా చెరగదు. పైగా ఇన్నేళ్లలో తనకంటూ ఒక బల్ల, తన చేతికి అందేట్టు సర్దుకున్న ఒక అర ఎక్కడా లేవు. ఆ విభాగం ఆమెకు కావాలి. నోరు విప్పి ఎవరినీ అడగదు, అంతే.

ఫోటో శనివారానికల్లా ప్రింటుకు వెళ్లాలి. అప్పటికి మంగళవారం వచ్చేసింది.

చిక్కంతా ఫిల్టర్‌తో వచ్చింది. పార్లర్ పేజీలో పెట్టే ప్రతి ఫోటోకీ ‘హనీ’ అనే ఫిల్టర్ వెయ్యాలని యజమానురాలి నియమం. ఆ ఆలోచన కౌంటరు అమ్మాయిది. ఆ అమ్మాయి యజమానురాలికి అక్క కూతురు, కాబట్టి ఆలోచనలకు విలువ ఉంటుంది. ఫోటోలన్నీ ఒకే ఇంటివాళ్లలా కనపడాలట. హనీ వేస్తే తెల్లగోడ మీగడ రంగుకొస్తుంది, అద్దాల అంచులు మెరుస్తాయి, టేబుల్ మీది పువ్వులు సాయంత్రపు ఎండలో ఉన్నట్టుంటాయి. ఆ ఎండంతా మనుషుల ముఖాల మీద పడేసరికి మాత్రం చర్మం నారింజ రంగు తిరుగుతుంది. తెల్లగా ఉన్నవాళ్లు జ్వరం వచ్చినట్టు ఉంటారు. నల్లగా ఉన్నవాళ్లు ఇటుకబట్టీలోంచి లేచివచ్చినట్టు ఉంటారు.

కండక్టరు ఫోటోను అలాగే పేజీలో పెట్టేశారు. రెండో రోజు ఆవిడ డ్యూటీ దిగి తిన్నగా పార్లర్‌కు వచ్చింది. భుజానికి టికెట్ల మిషను అలాగే వేలాడుతోంది. ఫోను తీసి రంగులక్క ముక్కు ముందు పెట్టింది.

“చూడు చెల్లీ. పైనున్న జుట్టు నాదే, ఒప్పుకుంటాను. కిందున్న ముఖం ఎవరిది?”

రంగులక్క ఫిల్టర్ వల్ల అని గొణిగింది. డిపోలో డ్రైవర్లు రోజంతా ఒకటే మాట అంటున్నారనీ, బస్సుకు రంగు వేస్తుంటే అడ్డంగా నిలబడ్డావా అని అడుగుతున్నారనీ కండక్టరు ఏకరువు పెట్టింది. ఫోటో తీసేయించింది. గాజు అద్దం సంగతి రంగులక్క భయపడుతూనే చెప్పింది. ఆవిడ అడ్డు చెప్పనంది. షరతు ఒకటే పెట్టింది.

“నన్ను నాలా పెడితే గోడంత పెట్టుకో. ఎర్రగా చేసినా ఊరుకోను, తెల్లగా చేసినా ఊరుకోను. నలుపు నాకేం బరువు కాదు.”

అదీ ఆ అరగంట వెనకున్న కథ. రంగులక్కకు రంగులు తెలుసు. గిన్నెలో ఏది ఎంత కలిపితే ఏమవుతుందో కళ్లు మూసుకుని చెప్తుంది. జుట్టులో నారింజ ఎక్కువైతే నీలం వైపు ఉన్న రంగు కొంచెం కలిపి దాన్ని చంపాలని ఆమెకు తెలుసు. ఫోనులో కూడా అంతే కదా అనుకుంది. ఎడిటింగ్ యాప్‌లో వేడి, చల్లదనం అని ఒక గీత ఉంటుంది. దాన్ని నీలం వైపు లాగింది. ముఖంలో నారింజ తగ్గింది నిజమే, వెనక గోడ నీలంగా మారింది, పళ్లు ఐసు ముక్కల్లా తయారయ్యాయి, రాగి జుట్టు చచ్చుబడింది. ఫోటో అంతా ఒకే గిన్నె కదా, ముఖానికి విడిగా కలపడానికి లేదు.

కౌంటరు అమ్మాయి వచ్చి, ఒక్కో రంగును విడిగా పట్టుకునే చోటు చూపించింది. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ అంటూ చుక్కలు వరసగా ఉంటాయి. నారింజ చుక్క నొక్కితే కింద మూడు గీతలు వస్తాయి. ఒకటి ఆ రంగును పక్క రంగు వైపు జరుపుతుంది, ఒకటి గాఢత తగ్గిస్తుంది, ఒకటి వెలుగు పెంచుతుంది. “మనుషుల చర్మం ఏ రంగుదైనా ఎక్కువగా నారింజలోనే ఉంటుందక్కా, ఇక్కడ పట్టుకుంటే పని అయిపోతుంది” అని చెప్పి ఆ అమ్మాయి మోగుతున్న ఫోను ఎత్తడానికి వెళ్లిపోయింది.

పని అవలేదు. నారింజ గాఢత తగ్గిస్తే ముఖం బూడిద పూసినట్టయింది. అంతకంటే ఘోరం, రాగి జుట్టు తుప్పుపట్టిన ఇనుములా మారింది. రాగి కూడా నారింజ ఇంటిదే. ముఖాన్ని సరిచెయ్యబోతే అమ్మాల్సిన సరుకే పాడవుతోంది. పసుపు వైపు జరిపితే కామెర్లు. ఎరుపు వైపు జరిపితే వేడినీళ్లు పోసుకుని వచ్చినట్టు. వెలుగు గీత పెంచితే నారింజ పల్చబడి ముఖం చూడ్డానికి బాగానే ఉంది, కానీ కండక్టరు ఉన్నపళంగా తెల్లమనిషి అయిపోయింది. దాన్ని చూసిన పక్క కుర్చీ అమ్మాయి బాగుందక్కా, ఇదే ఉంచెయ్యమంది. రంగులక్క గీతను వెనక్కి లాగింది.

వేలితో ముఖం మీద మాత్రమే రుద్ది మార్చే పద్ధతి కూడా ప్రయత్నించింది. అది మొదట్లో దారికొచ్చినట్టే అనిపించింది. పెద్దది చేసి చూస్తే నుదుటి మీద పడ్డ సన్నటి వెంట్రుకలన్నీ నెరిసిపోయాయి, చెవి పక్కన నారింజ గీత ఒకటి మిగిలింది. ఫోనులో చిన్నగా ఉంటే ఎవరూ పట్టుకోరు. నిలువెత్తు అద్దం మీద అయితే రోడ్డు అవతల నుంచే కనపడుతుంది.

ఇక మిగిలింది ఫిల్టర్‌నే తగ్గించడం. హనీ ఎంత వెయ్యాలో చెప్పే గీతను సగానికి తెచ్చింది. అప్పటిదాకా చూసినవాటిలో అదే నయం. పట్టుకెళ్లి యజమానురాలికి చూపించింది. ఆవిడ కళ్లజోడు పైకెత్తి, పేజీలోని మిగతా ఫోటోల పక్కన దాన్ని పెట్టి చూసి పెదవి విరిచింది.

“మన ఫోటోలా లేదు. అయినా గడ్డం ఇంకా ఆరెంజే కదా. అదీ పోలేదు, ఇదీ రాలేదు.”

ఆవిడ అన్నదాంట్లో రెండో మాట నిజం. రంగులక్కకు ఒళ్లు మండింది అందుకే.

ఆ సాయంత్రం ఇంట్లో కూడా ఫోను పట్టుకునే కూర్చుంది. అత్తగారు ఇస్త్రీ బట్టలు మడతపెడుతూ, ఏమ్మా ఆ నల్లావిడ ముఖం ఇంకా కడుగుతూనే ఉన్నావా అని అడిగింది. భర్త లిఫ్టు మెకానిక్కు. వచ్చి షూ విప్పుకుంటూ, భార్య వేలు ఒకే గీత మీద అటూ ఇటూ పోవడం కాసేపు చూశాడు.

“లిఫ్టు ఆగిపోతే జనం చేసేది కూడా ఇదే” అన్నాడు. “బటన్లు నొక్కుతూ నిలబడతారు. ఒకటి నొక్కుతారు, రెండు నొక్కుతారు, మళ్లీ ఒకటి. అది బాగయ్యేది ఆ డబ్బాలో కాదు.”

“మరెక్కడ?”

“పైన మిషను గదిలోనో, కింద గుంతలోనో. ఎక్కడ చెడిందో అక్కడ.”

సలహాలకు లోటేం లేదు, బల్ల మీద కంచం పెట్టేవాళ్లే లేరు అని ఆమె విసుక్కుంది. అతను లేచి కంచాలు పెట్టాడు. మాట మాత్రం ఆమె చెవిలో ఉండిపోయింది. తింటూ తింటూ, ఫోటోలో చెడింది ఎక్కడ మొదలైందా అని వెనక్కి పోయింది. ఫోటో తీసింది కౌంటరు అమ్మాయి ఫోనుతో. తనకు పంపింది మెసేజీలో. పంపినప్పుడే ముఖం కొంచెం వేడిగా ఉందని గుర్తొచ్చింది. ఆ అమ్మాయి పేజీకని హనీ వేసి దాచిన కాపీనే పంపింది. రంగులక్క అది తెలియక దాని మీద మళ్లీ హనీ వేసింది. కాపీలో కలిసిపోయిన ఫిల్టర్ ఇక ఊడిరాదు. రంగు వేసిన జుట్టు మీద అదే రంగు రెండోసారి వేసి, ఎందుకింత ముదిరిందని తల పట్టుకున్నట్టయింది. ఈ తప్పు తన కింద పనిచేసేవాళ్లు చేసి ఉంటే ఆమె ఎంత తిట్టేదో ఆమెకే తెలుసు.

బుధవారం పొద్దున్నే కౌంటరు దగ్గర నిలబడి అసలు ఫోటో అడిగింది. ఆ అమ్మాయి మూతి ముడుచుకుని వెతికి, నాణ్యత తగ్గకుండా ఫైలులా పంపింది. దాని మీద హనీ ఒక్క పూత వేసింది రంగులక్క. సగం పీడ వదిలింది. నుదురు దాదాపు కండక్టరు నుదురే. బుగ్గలు పర్వాలేదు. గడ్డం, దవడ కింది భాగం, మెడ మాత్రం నారింజ తొక్క అంటించినట్టు అలాగే ఉన్నాయి.

ఇది ఆమెకు అంతుపట్టలేదు. ఒకే ముఖం, ఒకే ఫిల్టర్, ఒకే కిటికీ వెలుతురు. పైన ఒక మనిషి, కింద ఒక మనిషి. గడ్డాన్ని చూసి నారింజ తగ్గిస్తే నుదురు బూడిదవుతోంది. నుదుటిని చూసి వదిలేస్తే గడ్డం మండుతోంది. పనిలో ఉన్నప్పుడు కూడా కళ్లు అటే పోతున్నాయి. ఆ రోజు వచ్చిన ఒకామె జుట్టుకు మందు పెట్టి టైమరు పెట్టడం మరిచిపోయింది. సమయానికి పక్క అమ్మాయి గుర్తుచేసింది కాబట్టి సరిపోయింది. తన పనిలో అలాంటి పొరపాటు ఎప్పుడు జరిగిందో ఆమెకు గుర్తులేదు. ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా ఫోను తియ్యలేదు. తీస్తే కిటికీలోంచి విసిరేస్తానేమో అనిపించిందట.

గురువారం మధ్యాహ్నం వేరే కస్టమర్ కోసం పాత ఫోటోలు వెతుకుతుంటే జవాబు దొరికింది. దొరకడం అనడం కూడా ఎక్కువే, అది అక్కడే పడుంది.

రంగులక్కకు ఒక అలవాటు. రంగు పూర్తయ్యాక ప్రతి తలనూ తన ఫోనులో రెండు మూడు ఫోటోలు తీసుకుంటుంది. పేజీ కోసం కాదు. మళ్లీ వచ్చినప్పుడు ఏ ఛాయ వేసిందో చూసుకోవడానికి. వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. అందులో కండక్టరు పక్క ముఖం ఉన్న ఫోటో కనపడింది. అదే రోజు, అదే కుర్చీ, ఆ కిటికీయే. కోపంలోనే దాని మీద హనీ వేసింది. దీన్ని కూడా పాడుచేస్తే ఒక పనైపోతుంది అనుకుంది.

పాడవలేదు. గోడ మీగడ రంగుకొచ్చింది, జుట్టు రాగిలా మెరిసింది, గడ్డం నల్లగా, చక్కగా, కండక్టరు గడ్డంలాగే ఉంది. కొంచెం వెచ్చగా ఉంది, అంతే.

రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూసింది. తేడా ముఖంలో లేదు. ముఖం కింద ఉంది.

కిందటి ఏడాది యజమానురాలు మెడ చుట్టూ కట్టే షీట్లన్నీ మార్చింది. అంతకుముందు నల్లగుడ్డవి ఉండేవి. వాటి బదులు పార్లర్ రంగని చెప్పి మెరిసే నారింజ నైలానువి తెప్పించింది. ఛాతీ మీద పార్లర్ పేరు తెల్లటి అక్షరాల్లో ఉంటుంది. ఫోటోలో పేరు కనపడాలి కాబట్టి షీటు విప్పకుండానే ఫోటో తియ్యాలి. కిటికీ వెలుతురు ఆ నైలాను మీద పడి, తిరిగి పైకి గడ్డం కిందికి కొడుతుంది. కంటికి అది లీలగా ఉంటుంది, మనం పట్టించుకోం. హనీ ఆ లీలను పట్టుకుని పెద్దది చేస్తుంది. వేడి రంగులంటే దానికి అంత ఇష్టం.

రంగులక్కను కుర్చీలో కూలబెట్టింది మాత్రం ఇంకో సంగతి. ఆ నారింజ షీట్లు వచ్చిన రోజు అందరికంటే ఎక్కువ గొణిగింది ఆమే. షీటు రంగు జుట్టు మీద పడితే ఛాయ సరిగ్గా తెలియదని ఆమెకు తెలుసు. పని నేర్పిన పెద్దావిడ మొదటి వారంలోనే చెప్పిన మాట అది. అందుకే ఆ రోజు నుంచి ఛాయ చూసే ముందు కస్టమర్ భుజాల మీద బూడిద రంగు తువ్వాలు ఒకటి కప్పుతుంది. తువ్వాలు కప్పి జుట్టు చూస్తుంది, తన ఫోటోలు తీసుకుంటుంది. తర్వాత పార్లర్ పేరు కనపడాలని ఆ తువ్వాలును తన చేతుల్తోనే తీసి మడతపెట్టి, ఫోటో తియ్యమ్మా అని కౌంటరు అమ్మాయిని పిలుస్తుంది. ఏడాదిగా చేస్తున్నది అదే. జుట్టును కాపాడుకుంది. ముఖాన్ని గాలికి వదిలేసింది. జుట్టు తన పని, ముఖం తన పని కాదు మరి.

ఆమెకు రుద్ది రుద్ది వేలి చివర నొప్పెట్టడం అప్పుడే తెలిసింది.

పక్క ముఖం ఫోటో గాజు అద్దానికి పనికిరాదు. వెనక బకెట్టు, చీపురు కనపడుతున్నాయి. ఎదురుగా మళ్లీ తియ్యాలి. కండక్టరుకు ఫోను చేసింది. ఆవిడకు ఆదివారం దాకా సెలవు లేదట. శుక్రవారం మధ్యాహ్నం రెండు ట్రిప్పుల మధ్య కాసేపు ఖాళీ ఉంటుంది, బస్సు మీ సందు చివరే తిరుగుతుంది, తినడం మానేసి వస్తాను, నువ్వు మాత్రం నన్ను కూర్చోబెట్టి ఫోను గోకుతూ కూర్చోకు అంది.

అన్నట్టే వచ్చింది. ఖాకీ యూనిఫాంలోనే ఉంది. రంగులక్క ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టి, పైనున్న పసుపు బల్బులు ఆర్పించింది. కిటికీ వెలుతురు ఒక రంగు, బల్బు ఇంకో రంగు. రెండూ కలిస్తే ముఖం మళ్లీ రెండు ముక్కలవుతుంది. భుజాల చుట్టూ బూడిద తువ్వాలు కప్పింది. కౌంటరు అమ్మాయి ఫోను ఎత్తి, అక్కా పేరు కనపడట్లేదు అంది. కనపడనీకు అంది రంగులక్క. ఆ అమ్మాయి పిన్నికి చెప్పాల్సొస్తుందేమో అన్నట్టు లోపలి గది వైపు చూసింది కానీ ఫోటో తీసింది.

ఈసారి అసలు ఫోటో మీదే, ఒక్కసారే, హనీ పూర్తిగా కాకుండా మూడొంతులు వేసింది. నారింజ గాఢతను ఒక్క పిసరు తగ్గించింది. జుట్టు కదల్లేదు, గోడ మీగడగానే ఉంది. అంతే, ఇంకే గీతా ముట్టుకోలేదు. కండక్టరు ఫోను లాక్కుని చూసింది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. తర్వాత పక్క కుర్చీలో ఉన్నామెకు చూపించి, ఇది ఎవరండీ అని అడిగింది. ఆమె అయోమయంగా ఫోనునూ మనిషినీ మార్చి మార్చి చూసి, మీరే కదా అంది.

“చాలు” అంది కండక్టరు. “టికెట్ కొట్టేశాం, ఇక దిగుతాను.” బయట డ్రైవరు హారను కొడుతుంటే పరుగెత్తింది.

ఫోటోను యజమానురాలి దగ్గరికి తీసుకెళ్లేసరికి అసలు గొడవ మొదలైంది. ఆవిడ ఫోటోను బాగుందనే అంది. చాలా బాగుందని కూడా అంది. ఆ వెంటనే, మన పేరేది అని అడిగింది. రంగులక్క షీటు గురించి చెప్పింది. కిటికీ, నైలాను, గడ్డం, అన్నీ చెప్పింది. తువ్వాలు ఉన్న ఫోటో, లేని ఫోటో పక్కపక్కన పెట్టి చూపించింది. ఆవిడ వింటున్నంతసేపూ తలూపింది. ఆఖరున, ఆ షీట్లు నేను ఊరికే తెప్పించానా అంది.

“ఊరికే అని నేననలేదు మేడమ్. ముఖం మీద పడుతున్నాయంటున్నా.”

“అయితే షీటు అలాగే ఉంచి, ఫోనులో తీసెయ్. ఇన్ని బటన్లున్నాయి కదా దాంట్లో.”

మంగళవారం నుంచి తను చేసింది అదేనని రంగులక్క చెప్పలేదు. చెప్తే గొంతు లేస్తుందని భయం. బదులుగా, పేరును ప్రింటువాళ్లు కింద పెద్ద అక్షరాల్లో వేస్తారు కదా, ఛాతీ మీద చిన్నగా ఎందుకు, రోడ్డు మీద వెళ్లేవాళ్లకు కిందున్నదే కనపడుతుంది అంది. యజమానురాలు దాన్ని కాసేపు నమిలింది. లోపలి గదిలోకి వెళ్లి ప్రింటువాళ్లకు ఫోను చేసింది. అక్షరాలు ఎంత ఎత్తు పెట్టవచ్చో అడగడం బయటికి వినపడింది. తిరిగొచ్చి, సరే, ఇదే పంపించు అంది. పేరు పెద్దదిగా వేయించాలన్న ఆలోచన తనకు ముందు నుంచీ ఉందని కూడా చెప్పింది.

శనివారం ఫోటో వెళ్లింది. బయట నుంచి వచ్చినతను పంపిన మూడు ఫోటోలనూ యజమానురాలు పక్కన పెట్టేసింది. అతని ఫోటోల్లో జుట్టు తళతళలాడుతోంది కానీ మనుషులందరూ ఒకే మైనపుబొమ్మలా ఉన్నారట. ఆ మాట అన్నది కౌంటరు అమ్మాయి. రంగులక్క దాన్ని పొగడ్తగా తీసుకోవాలో లేదో తేల్చుకోలేకపోయింది. విభాగం ఆమెకే ఇస్తున్నట్టు చెప్పారు.

ఆదివారం సాయంత్రం కొత్త పార్లర్ చూసి రమ్మంటే నడిచి వెళ్లింది. చీలమండలు వాచలేదు. గాజు అద్దం మీద కండక్టరు నిలువెత్తున నవ్వుతోంది, నల్లగా, రాగి జుట్టుతో. కింద పార్లర్ పేరు ఆవిడ నడుముదాకా వచ్చింది. రంగులక్క రోడ్డు దాటి అవతల నిలబడి కూడా ఒకసారి చూసింది. గడ్డం గడ్డంలాగే ఉంది.

తలుపు తోసి లోపలికి వెళ్లింది. ఆమె బల్ల, ఆమె అర కిటికీ పక్కనే ఉన్నాయి. కొత్త రంగు వాసన ఘాటుగా కొడుతోంది. నాలుగు గోడలకూ పైనుంచి కిందదాకా పార్లర్ రంగు వేయించారు. మెరిసే నారింజ. బల్ల మీద కొత్త షీట్ల కట్ట, దాని మీద కొత్త తువ్వాళ్ల కట్ట ఉన్నాయి, అన్నీ గోడకు జోడీ కుదిరేట్టు. పెయింటరు నిచ్చెన దిగుతూ, ఎలా ఉందక్కా, రెండు పూతలు వేశాం అన్నాడు.

రంగులక్క కిటికీ దగ్గరికి వెళ్లి తన అరచేతిని వెలుతురులో పెట్టి, తిప్పి చూసుకుంది. తర్వాత తలుపు దగ్గరగా వేసి, పక్క వీధిలో గుడ్డల కొట్టు ఇంకా తెరిచే ఉంటే లోపలికి వెళ్లి, మెరవని బూడిద రంగు గుడ్డ ఉందా అని అడిగింది. ఎంత కావాలని కొట్టతను అడిగితే, గోడ కొలత మనసులో వేసుకుని, పన్నెండు మీటర్లు అంది.